ఒక పేజీ, ఎనిమిది బిట్లు, ఒక తప్పు కీ

రాత్రి తొమ్మిదిన్నరకు మా అమ్మాయి వాట్సాప్‌లో ఒక ఫోటో పెట్టింది. దాని కింద, "నాన్నా, రేపు వీడికి బయాలజీ స్లిప్ టెస్టు. ఈ పేజీ మీద ఓ పది బిట్లు రాసి, కీతో సహా పంపవా?" అని ఉంది. ఏళ్ల తరబడి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ని. ఎంతసేపులే అనుకుని కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. లేచేసరికి పదకొండున్నర. పది అడిగితే ఎనిమిదే పంపాను. ఆ ఎనిమిదిలో ఒకదాని కీ తప్పు. పట్టుకున్నది నేను కాదు, పదో తరగతి చదువుతున్న మా మనవడు.

ఆ తప్పు దగ్గరికి వచ్చే ముందు ఫోటో సంగతి చెప్పాలి, ఎందుకంటే కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

అది కిరణజన్య సంయోగక్రియ పాఠంలోని పేజీ. పైన సమీకరణం. దాని కింద కాంతి చర్యలు ఎక్కడ జరుగుతాయో, నీటి అణువు ఎలా విడిపోతుందో చెప్పే ఒక పేరా. పక్కన హరితరేణువు బొమ్మ. అడుగున మోల్ అర్ధపత్ర ప్రయోగం. పుస్తకాన్ని మంచం మీద సగం తెరిచి, ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా తీసిన ఫోటో. ఎడమవైపు పేజీ కాబట్టి ప్రతి పంక్తి చివరి మాటా పుస్తకం మడతలోకి వంగిపోయి నీడలో పడింది. వాట్సాప్ ఎలాగూ ఫోటోను కుదించి పంపుతుంది. పెద్దది చేసి చూస్తే ఒత్తులన్నీ చీమల్లా ఉన్నాయి.

అంత చిన్న అక్షరాలు చదవలేక గూగుల్ లెన్స్‌తో పాఠాన్ని బయటికి తీశాను. తెలుగు బాగానే వచ్చింది, అక్కడక్కడా ఒత్తులు పోయాయంతే. పత్రరంధ్రాలు కాస్తా "పతరంధాలు" అయింది. ఇలాంటి తప్పుతో ప్రమాదం లేదు, చూడగానే తెలిసిపోతుంది. ప్రమాదమంతా చూడగానే తెలియని తప్పుతోనే. సమీకరణం ఇలా వచ్చింది:

```
6C02 + 12H20 → C6H1206 + 6H20 + 602
```

ఒకసారి నిదానంగా చూడండి. ఆక్సిజన్‌ను సూచించే O అక్షరం ఉండాల్సిన ప్రతిచోటా సున్నా పడింది. అంకెలు కిందికి దిగి చిన్నవిగా ఉండాల్సినవి పక్కకు వచ్చి నిలబడ్డాయి. చివరి ఆరు ఆక్సిజన్ అణువులు ఆరు వందల రెండుగా మారాయి. దీన్ని ఉన్నదున్నట్టు బిట్ పేపర్లోకి ఎక్కిస్తే సైన్సు తెలిసిన పిల్లవాడు నవ్వుకుంటాడు, తెలియనివాడు అలాగే బట్టీ పడతాడు. ఫోటో నుంచి తీసిన పాఠంలో సమీకరణాలను, అంకెలను మాత్రం చేత్తో తిరిగి రాసుకోవాలి. రాశాక రెండు వైపులా పరమాణువులు లెక్కపెట్టాలి. అసలు సమీకరణం ఇది:

6CO₂ + 12H₂O → C₆H₁₂O₆ + 6H₂O + 6O₂

ఇంకో తప్పు మరీ నంగనాచి. కాంతి చర్యల పేరాలో ఒక వాక్యం "కాంతితో నేరుగా సంబంధం చర్యలు స్ట్రోమాలో జరుగుతాయి" అని వచ్చింది. సంబంధం తర్వాత ఏదో మాట మడతలో పడిపోయింది. నిద్రమత్తులో నా చెయ్యి దానంతటదే "సంబంధం ఉన్న" అని పూర్తి చేసేసింది. అలా చేస్తే బిట్ ఏమవుతుంది? కాంతి చర్యలు స్ట్రోమాలో జరుగుతాయని కీ చెబుతుంది. నిజానికి కాంతి చర్యలు గ్రానాలోని థైలకాయిడ్ పొరల మీద జరుగుతాయి. స్ట్రోమాలో జరిగేవి కాంతితో నేరుగా సంబంధం "లేని" చర్యలు. ఒక్క "లేని" మడతలో పడిపోతే జవాబు తలకిందులైంది. విషయం తెలుసు కాబట్టి ఆగాను. తెలియని తల్లో తండ్రో అయితే ఆగరు, ఆగాలని వాళ్లకు తట్టే అవకాశమూ లేదు. అందుకే అమ్మాయికి ఫోన్ చేసి, "పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, మడత దగ్గర అరచేత్తో నొక్కిపట్టి, సరిగ్గా పైనుంచి ఇంకోటి తియ్యి. ఫ్లాష్ వద్దు. డాక్యుమెంట్‌గా పంపు, ఫోటోగా పంపితే నలిగిపోతుంది" అన్నాను. రెండో ఫోటో వచ్చాక గానీ పని మొదలు కాలేదు.

పేజీ చేతికి వచ్చాక చాలామంది వెంటనే ప్రశ్నలు రాయడం మొదలుపెడతారు. నేను ముందు వాక్యాలను ఏరతాను. పేజీలోని ప్రతి వాక్యం పక్కనా "ఇది తెలియకపోతే పిల్లవాడు ఎక్కడ తప్పు చేస్తాడు?" అని అడుగుతాను. జవాబు దొరికిన వాక్యానికి ఒక గీత. దొరకని వాక్యాన్ని వదిలేస్తాను. ఆ పేజీలో సుమారు పాతిక వాక్యాలుంటే గీత పడినవి తొమ్మిది. పది బిట్లు అడిగినా ఎనిమిదే ఎందుకు వచ్చాయో దీన్నిబట్టి మీకు తెలిసే ఉంటుంది. లేని సరుకును సాగదీస్తే "పత్రహరితం రంగు ఏది?" లాంటివి వస్తాయి. పేరులోనే హరితం ఉన్నప్పుడు ఇక అడగడానికేముంది?

గీత పడ్డ వాక్యాల్లో బరువైనది అర్ధపత్ర ప్రయోగానిది. తెలియనివాళ్ల కోసం రెండు మాటల్లో: కుండీలో మొక్కను రెండు మూడు రోజులు చీకట్లో పెడతారు, ఆకుల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చయిపోవడానికి. వెడల్పు మూతి గాజుసీసాలో కొంచెం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోస్తారు. నిలువుగా చీల్చిన బిరడా మధ్య ఒక ఆకును ఇరికించి, సగం సీసా లోపల, సగం బయట ఉండేలా అమర్చి, గాలి చొరబడకుండా వాజలీన్ పూస్తారు. కొన్ని గంటలు ఎండలో పెట్టాక ఆకును కోసి, ఆల్కహాల్‌లో ఉడికించి, అయోడిన్ చుక్కలు వేస్తారు. బయటి సగం నీలినలుపుకు మారుతుంది. లోపలి సగం మారదు.

దీని మీద మామూలుగా కనిపించే బిట్ "పొటాషియం హైడ్రాక్సైడ్ దేన్ని పీల్చుకుంటుంది?" అని ఉంటుంది. ఆ వాక్యం పుస్తకంలో ఉన్నదున్నట్టు ఉంది. చదివిన ప్రతివాడూ పెడతాడు, అర్థం కాకపోయినా పెడతాడు. నేను రాసింది ఇది:

అర్ధపత్ర ప్రయోగంలో సీసా లోపలి సగం నీలినలుపుకు మారకపోవడానికి కారణం?
ఎ) లోపలి సగానికి వెలుతురు అందలేదు
బి) లోపలి సగానికి నీరు అందలేదు
సి) లోపలి సగానికి కార్బన్ డై ఆక్సైడ్ అందలేదు
డి) లోపలి సగంలో పత్రహరితం పోయింది

జవాబు సి అని రాయడానికి ఒక్క క్షణం చాలు. మిగతా మూడింటి కోసమే నాకు ఎక్కువసేపు పట్టింది. బిట్‌లో తప్పు జవాబులు ఊరికే నింపడానికి పెట్టేవి కావు. ఒక్కో తప్పు జవాబు వెనకా నిజంగా అలా తప్పు చేసే పిల్లవాడొకడు ఉండాలి. ఎ పెట్టినవాడు సీసా గాజుదన్న సంగతి మరిచిపోయి, నల్లకాగితం కట్టే ఇంకో ప్రయోగంతో దీన్ని కలిపేశాడు. బి పెట్టినవాడికి రెండు సగాలూ ఒకే ఆకువన్న ఆలోచన రాలేదు, ఈనెలు అటూ ఇటూ ఒకటేగా! డి పెట్టినవాడు వరస తప్పాడు. పత్రహరితం పోయే మాట నిజమే, కానీ అది ఎండలో ఉన్నప్పుడు కాదు, ఆ తర్వాత ఆల్కహాల్‌లో ఉడికించినప్పుడు పోయింది. అదీ రెండు సగాల్లోనూ పోయింది. నా కీలో ఈ మూడు మాటలూ ఉంటాయి. "1. సి" అని మాత్రమే ఉన్న కీ మార్కులు వేసుకోవడానికి పనికొస్తుంది. ఎ పెట్టిన పిల్లవాడు దాన్ని చూసి కొట్టేసి సి అని దిద్దుకుంటాడు, సీసా గాజుదన్న సంగతి మాత్రం అప్పటికీ గుర్తుకు రాదు.

సమీకరణం మీద రాసిన బిట్‌లో నేనే కాలు జారబోయాను. వెలువడే ఆక్సిజన్ ఎక్కడినుంచి వస్తుంది, కార్బన్ డై ఆక్సైడ్ నుంచా, నీటి నుంచా? పిల్లల్లో చాలామంది మొదటిదే అంటారు. చెట్టు కార్బన్ డై ఆక్సైడ్ తీసుకుని ఆక్సిజన్ వదులుతుందని చిన్నప్పటినుంచీ వింటారు కాబట్టి, అందులోంచి కార్బన్ ఉంచుకుని ఆక్సిజన్ వదిలేస్తుందని వాళ్లంతట వాళ్లే అనుకుంటారు. జవాబు నీరు. కీలో కారణంగా "ఆరు ఆక్సిజన్ అణువులంటే పన్నెండు పరమాణువులు, పన్నెండు నీటి అణువుల్లో సరిగ్గా పన్నెండు ఉన్నాయి, లెక్క సరిపోయింది" అని రాశాను. రాశాక అవతలివైపు కూడా లెక్కపెడదామనిపించింది. ఆరు కార్బన్ డై ఆక్సైడ్ అణువుల్లోనూ పన్నెండే ఉన్నాయి! అంటే సమీకరణం చూసి ఆక్సిజన్ ఎవరిదో తేల్చలేం.

తేల్చినవాళ్లు వేరే ఉన్నారు. 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ల సహచరులు బరువైన ఆక్సిజన్ కలిసిన నీటిని వాడి, వెలువడే ఆక్సిజన్ నీటిదేనని చూపించారు. సమీకరణంలో ఆరు నీటి అణువులు సరిపోయేచోట రెండు వైపులా ఆరేసి కలిపి పన్నెండుగా రాసేది ఇందుకే. ఎడమవైపు ఆరే ఉంటే వాటిలో ఆరు ఆక్సిజన్ పరమాణువులే ఉంటాయి, పన్నెండు కావాలంటే చాలవు. పన్నెండు అని రాయడం నిజం తెలిసిన తర్వాత ఆ నిజానికి తగ్గట్టు చేసిన సర్దుబాటు, రుజువు కాదు. కీలో నా లెక్క కొట్టేసి, "కాంతి చర్యలో నీటి అణువు విడిపోతుంది అన్న వాక్యం చూడు, రెండో పేరా" అని రాశాను. జవాబు సరైనదే అయినా కారణం తప్పయితే అది తప్పు కీ కిందే లెక్క. ఆ కారణాన్నే నేర్చుకుని పిల్లవాడు రేపు ఇంకోచోట వాడతాడు. అప్పటినుంచీ ప్రతి జవాబు పక్కనా అది పేజీలో ఏ పేరాలో ఉందో రాస్తున్నాను. పేరా చూపించలేకపోతే ఆ జవాబు నా బుర్రలోంచి వచ్చిందన్నమాట, పేజీలోంచి కాదు.

తెలుగులో బిట్లు రాసేవాళ్లకు ఎదురయ్యే తంటా ఒకటుంది. మన క్రియాపదాలు జవాబును పట్టించేస్తాయి. "కార్బన్ డై ఆక్సైడ్ ఆకులోకి ప్రవేశించే మార్గాలు ____" అని అడిగి, కింద పత్రరంధ్రాలు, వేరు, కాండం, పత్రహరితం అని ఇచ్చామనుకోండి. మార్గాలు అన్న బహువచనం చూసి, నాలుగింటిలో బహువచనం ఒక్కటే ఉంది కాబట్టి, పాఠం చదవనివాడు కూడా పెట్టేస్తాడు. "ఉంటుంది", "ఉంటాయి" తేడా కూడా ఇలాగే జవాబును బయటపెడుతుంది. నాలుగూ బహువచనంలో ఉంచాలి, లేదా నాలుగూ ఏకవచనంలో. అలాగే సరైన జవాబునే జాగ్రత్తగా, పొడుగ్గా రాసే అలవాటు టీచర్లందరికీ ఉంది, నాకూ ఉంది. పొడుగుదే రైటని పిల్లలు ఆరో తరగతిలోనే కనిపెట్టేస్తారు.

బొమ్మ మీద ఒక్క బిట్ చాలనుకున్నాను. హరితరేణువు బొమ్మలో గ్రానా అన్న పేరును ఫోన్లోనే తెల్లరంగుతో కప్పేసి, గీతను మాత్రం ఉంచి, ఆ భాగం పేరు కాకుండా అక్కడ జరిగే పని అడిగాను.

రెండు మార్కుల ప్రశ్న ఒకటి రాశాను: ఆకును ఆల్కహాల్‌లో ఎందుకు ఉడికిస్తారు, నేరుగా మంట మీద కాకుండా నీళ్లున్న గిన్నెలో పెట్టి ఎందుకు వేడిచేస్తారు? ఇలాంటి ప్రశ్నకు కీ అంటే ఒక మంచి జవాబు రాసి వదిలేయడం కాదు. దేనికి మార్కు ఇవ్వాలో, దేనికి ఇవ్వకూడదో రాయాలి, ఎందుకంటే దిద్దేది నేను కాదు, మా అమ్మాయి. ఆమె చదివింది కామర్స్. పత్రహరితం తీసేయడానికి అంటే ఒక మార్కు. "ఆకుపచ్చ రంగు పోవడానికి, అయోడిన్ రంగు కనబడటానికి" అని రాసినా ఇచ్చెయ్యి. ఆల్కహాల్ తేలిగ్గా అంటుకుంటుంది కాబట్టి నీళ్ల గిన్నెలో అంటే ఇంకో మార్కు. "పిండిపదార్థం కరగడానికి" అని రాస్తే ఇవ్వకు, అది కరిగిపోతే అయోడిన్‌కు దొరికేదేముంది? ఈ చివరి వాక్యం లేకపోతే ఆమె ఇచ్చేసేది, వినడానికి సైన్సులాగే ఉంది కదా.

ఇక నా తప్పు కీ. ఎనిమిదోది కొంచెం ఆలోచింపజేసేలా ఉండాలని ఇలా రాశాను: "సీసాలో పొటాషియం హైడ్రాక్సైడ్ బదులు మామూలు నీళ్లు పోస్తే లోపలి సగం ఏమవుతుంది?" కీ: బయటి సగంలాగే నీలినలుపుకు మారుతుంది. పీల్చుకునే మందు లేదు, కాబట్టి కార్బన్ డై ఆక్సైడ్ ఉంటుంది, కాబట్టి పిండిపదార్థం తయారవుతుంది. చూడటానికి చక్కగానే ఉంది. ఏళ్ల తరబడి క్లాసులో నోటితో అడిగిన ప్రశ్నే.

పొద్దున్న ఏడింటికి మనవడి ఫోన్. "తాతయ్యా, ఎనిమిదోది తప్పు కదా. సీసాకు గాలి చొరబడకుండా వాజలీన్ పూశామని నువ్వే రాశావు. మరి లోపలున్న కార్బన్ డై ఆక్సైడ్ అయిపోతే?"

పెన్ను తీసి లెక్క వేశాను. గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ వందకు 0.04 వంతు. అర లీటరు సీసాలో అది 0.2 మిల్లీలీటర్లు, అంటే నాలుగైదు నీటి చుక్కలంత జాగా. మంచి ఎండలో అరచేతిలో సగం ఉన్న ఆకు దాన్ని గంటల్లో కాదు, నిమిషాల్లో తాగేస్తుంది. ఆ తర్వాత ఆకు తన శ్వాసక్రియలో వదిలే కాస్తను మళ్లీ తానే వాడుకుంటూ కాలక్షేపం చేస్తుంది. అయోడిన్ వేస్తే లోపలి సగం బయటి సగమంత ముదురుగా రాదు. లేతగా రావచ్చు, దాదాపు రాకపోనూవచ్చు. "బయటి సగంలాగే" అన్న నా కీ నిలబడదు. సీసా తెరిచి ఉంచితే నిలబడుతుంది. లేదా నీళ్లలో వంటసోడా కలిపితే నిలబడుతుంది, ఎందుకంటే ఆ ద్రావణం కార్బన్ డై ఆక్సైడ్‌ను అందిస్తూ ఉంటుంది. కానీ ఆ రెండు మాటలూ ఈ పేజీలో లేవు.

"నీదే రైటురా," అన్నాను. "మరి నాకు మార్కు?" అన్నాడు. ఇచ్చాను. ప్రశ్నను మాత్రం తీసేశాను.

తర్వాత ఆలోచిస్తే ఆ ప్రశ్నకూ మిగతా ఏడింటికీ తేడా తెలిసింది. ఏడింటికీ పేజీలో పేరా చూపించాను. ఎనిమిదోదాని పక్కన ఆ గడి ఖాళీగా ఉంది. రాత్రి పదకొండున్నరకు ఆ ఖాళీ నాకు కనబడలేదు. ఇప్పుడు నాకో కొత్త అలవాటు వచ్చింది. బిట్లన్నీ రాశాక కీ కాగితం పక్కన పడేసి, పేజీని ఒక్కటే ముందు పెట్టుకుని, పిల్లవాడిలా జవాబులు రాస్తాను. నా జవాబుకూ నా కీకీ తేడా వస్తే బిట్ పోతుంది. ఆ పని రాత్రి చేయను, పొద్దున్న చేస్తాను. జవాబుల అక్షరాలను కూడా అప్పుడే చూస్తాను. ఆ రాత్రి నేను పంపినవాటిలో సి అక్షరం వరసగా నాలుగుసార్లు వచ్చిందని కూడా మనవడే చెప్పాడు.

ఇంట్లో పుస్తకం పేజీని ఫోటో తీసి ఎవరికైనా బిట్లు రాయమని పంపేవాళ్లుంటే, పంపే ముందు మడత దగ్గరి చివరి మాటను ప్రతి పంక్తిలోనూ ఒకసారి పైకి చదవండి. చదవలేకపోతే ఇంకో ఫోటో తీయండి.